గీత ఎక్కడ పుట్టింది?

బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ‘దస్తావేజులో పొలం ఎకరా ఎనభై ఎనిమిది సెంట్లని ఉందండీ. మీరు దరఖాస్తులో ఎకరా ముప్పై ఎనిమిది అని రాశారు. ఏది సరైనది?’ అని బ్యాంకు ఆవిడ మర్యాదగానే అడిగారు. నాకు మాత్రం గుండె జారింది. మా నాన్న సంపాదించిన ఆ చెక్క ఎకరా ముప్పై ఎనిమిదే. అది చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అందరి నోటా నానిన లెక్క. మరి యాభై సెంట్లు ఎక్కడి నుంచి వచ్చి చేరాయి?

ఇంటికెళ్లి బీరువాలోంచి అసలు కాగితం తీసి చూశాను. హద్దుల పట్టికలో 1-38 అని స్పష్టంగా ఉంది. బ్యాంకుకు పంపిన స్కాన్ కాపీని కంప్యూటర్లో తెరిచి 41వ పేజీకి వెళ్లాను. అక్కడ 1-88 అని కనిపించింది. పేజీని పెద్దది చేసి చూస్తే సంగతి తెలిసింది. 3 అంకెకు ఎడమవైపు తెరిచి ఉండే నోళ్లను సన్నటి నిలువు గీత ఒకటి వచ్చి మూసేసింది. 3 కాస్తా 8 అయి కూర్చుంది.

ఆ గీత ఆ ఒక్క అంకె దగ్గరే లేదు. పేజీ పైనుంచి కింది దాకా, ఒకే తిన్నదనంలో, తెగుతూ అతుకుతూ దిగింది. 42వ పేజీలోనూ అదే చోట ఉంది. 50వ పేజీ దాటాక తెగడం కూడా మానేసి, స్కేలు పెట్టి గీసినట్టు నల్లగా నిలిచింది. మొత్తం 64 పేజీల ఫైలు అది. తెనాలిలో ఒక జిరాక్స్ షాపులో ఫీడర్‌లో పెట్టి స్కాన్ చేయించాను. కాగితాల కట్ట పైన పెడితే యంత్రం ఒక్కొక్కటీ లాక్కుని రెండో పక్క పడేస్తుంది కదా, అదే ఫీడర్. నాలుగు నిమిషాల్లో పని అయిపోయిందని సంతోషించి, ఒక్క పేజీ కూడా చూడకుండా పంపేశాను. మొదటి తప్పు నాదే.

పెద్ద అద్దానికి గీత గీయడం రాదు

మర్నాడు ఫైలు పట్టుకుని అదే షాపుకు వెళ్లాను. కుర్రాడు గీత చూసి నొచ్చుకున్నాడు. ‘రోజూ పొద్దున్నే అద్దం తుడుస్తున్నాను సార్, కావాలంటే చూడండి’ అని మూత ఎత్తాడు. నిజమే, కాగితం బోర్లించి పెట్టే ఆ పెద్ద అద్దం తళతళలాడుతోంది. మరక లేదు, వేలిముద్ర లేదు. అయితే అతను తుడిచింది ఒక అద్దం, గీత గీసింది మరో అద్దం.

ఫీడర్ ఉన్న యంత్రాల్లో అద్దాలు రెండుంటాయి. ఒకటి అందరికీ కనిపించే పెద్దది. రెండోది దాని పక్కనే, సాధారణంగా ఎడమ అంచున, వేలెడు వెడల్పు కూడా లేని పొడవాటి పట్టీ. మధ్యలో చిన్న ప్లాస్టిక్ గట్టు ఉంటుంది. తెలియనివాళ్లకు అది అద్దమని కూడా అనిపించదు, యంత్రానికి కట్టిన అంచులా ఉంటుంది. ఫీడర్‌లో పెట్టిన కాగితాలన్నీ పెద్ద అద్దం ముఖం చూడకుండా ఆ పట్టీ మీదుగానే జారిపోతాయి.

ఈ రెండు అద్దాల మీద ఒకే దుమ్ము నలుసు పడినా ఫలితం వేరుగా ఉంటుంది. పెద్ద అద్దం మీద కాగితం కదలదు. కింద దీపమూ దానితోపాటు చూపూ ఒక చివర నుంచి మరో చివరకు నడుస్తాయి. దారిలో నలుసు ఒక్కసారే ఎదురవుతుంది, ఒక్కసారే కాపీలో పడుతుంది. అందుకని అక్కడ వచ్చేది చుక్క. ఫీడర్‌లో తీరు తిరగబడుతుంది. చూపు పట్టీ కింద ఒకే చోట నిలబడి ఉంటుంది, కాగితం దాని మీదుగా నడుస్తుంది. పట్టీ మీద నలుసు ఉంటే చూపుకీ కాగితానికీ మధ్య అది ఎప్పుడూ అడ్డమే. కాగితం తల నుంచి తోక దాకా వెళ్లేంతసేపూ అదే నలుసు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్క కట్టవచ్చు. మా ఫైల్లో చాలావరకు 14 అంగుళాల పొడవున్న లీగల్ సైజు కాగితాలు. స్కాన్ చేసింది అంగుళానికి 300 చుక్కల చొప్పున. అంటే యంత్రం ఒక్కో కాగితాన్ని 4200 అడ్డ వరసలుగా చదువుతుంది. ఒక్కో చుక్క వెడల్పు ఒక మిల్లీమీటరులో పన్నెండో వంతు, అంటే దాదాపు తల వెంట్రుక మందం. అంత చిన్న నలుసు పట్టీ మీద ఉన్నా చాలు. 4200 వరసల్లోనూ ఒకే స్థానంలో ఒక్కో నల్ల చుక్క పడుతుంది. అవన్నీ ఒకదాని కింద ఒకటి చేరి, 14 అంగుళాల గీతవుతాయి.

అందుకే గీత పడిందంటే పెద్ద అద్దం తుడవడం వృథా. అది చుక్క పెట్టగలదు, మచ్చ పెట్టగలదు, దాని మీద గీటు ఉంటే ఆ గీటు బొమ్మ అంతే పొడవున పడుతుంది. పేజీ పొడవునా సాగే తిన్నని గీత గీయడం దానికి చేతకాదు.

22వ పేజీ చెప్పిన సాక్ష్యం

గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఎప్పుడు మొదలైందో ఫైలే చెబుతుందని నాకు తట్టింది. కుర్రాడి కంప్యూటర్లో మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ వచ్చాం. 21వ పేజీ దాకా మచ్చ లేదు. 22వ పేజీ ఒక పాత ఫారం. పై భాగంలో ఎప్పుడో పాస్‌పోర్ట్ సైజు ఫొటో అతికించి ఉండేది, అది ఊడిపోయి గమ్ మచ్చ మిగిలింది. ఆ మచ్చకు పైన ఒక్క చుక్క కూడా లేదు. మచ్చ కింద నుంచి, సరిగ్గా దాని సూటిన, సన్నటి చుక్కలు అక్కడక్కడా మొదలయ్యాయి. తర్వాతి పేజీలన్నిటా అదే సూటిన ఉన్నాయి.

జరిగింది కళ్లకు కట్టింది. ఆ ఫారం తల ముందుకు పెట్టి పట్టీ మీదుగా జారింది. గమ్ మచ్చ పట్టీ మీదికి రాగానే, రోలర్ల ఒత్తిడికో యంత్రం వేడికో మెత్తబడి, రవ్వంత అద్దానికి అంటుకుంది. ఆ క్షణం నుంచి గీత పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాగితమూ తన నూగు కొంత ఆ జిగురుకు వదిలి వెళ్లింది. గమ్ సగం పారదర్శకం కాబట్టి మొదట్లో చూపును పూర్తిగా ఆపలేదు. నూగు పట్టేకొద్దీ నల్లబడింది. 22లో చుక్కలు, 41లో తెగిన గీత, 50 దాటాక తెగని గీత రావడానికి కారణం అదే.

మరి 41వ పేజీలో తెగిన గీత సరిగ్గా అంకె దగ్గరే ఎందుకు అతుక్కుంది? షాపులో స్కాన్ చేసింది నలుపు-తెలుపులో. ఆ పద్ధతిలో యంత్రానికి బూడిద రంగు అంటూ ఉండదు. ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేయాలి. పలచటి గీత తెల్ల కాగితం మీద చాలాచోట్ల ‘తెలుపు’ కిందికే పోతుంది. అక్షరం పక్కకు వచ్చేసరికి అక్షరపు సిరా అంచు, గీత నీడ రెండూ కలిసి ‘నలుపు’ కిందికి దాటుతాయి. అంటే పలచటి గీత ఖాళీ చోట మాయమై, అంకెల దగ్గర తేలుతుంది. మనకు హాని చేసే చోటే అది కనబడుతుంది, అది కూడా గీతలా కాక అంకెలో భాగంలా. నిండు నల్ల గీత కంటే ఈ తెగిన గీతే ప్రమాదమని నేను అనుకుంటున్నాను. నిండు గీతను ఎవరైనా యంత్రం తప్పని గుర్తుపడతారు. తెగిన గీత దస్తావేజు రాసినవాడి చేతిరాతలా నటిస్తుంది.

నలుసును పట్టుకోవడం

పట్టీ మీద నలుసు కంటికి ఆనలేదు. కుర్రాడు ‘ఏమీ లేదు సార్’ అన్నాడు. వెతకడానికి కొలత పెట్టుకున్నాం. చాలా ఫీడర్లలో కాగితం అటూ ఇటూ ఉన్న గైడ్ల మధ్య నడిమికి సర్దుకుంటుంది. కాగితం మధ్యభాగం ఎక్కడో పట్టీ మధ్యభాగమూ అక్కడే. గీత పడిన పేజీని ప్రింటు తీసి కొలిస్తే, పేజీ నడుమ నుంచి గీత 37 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఫీడర్ కాగితాన్ని తిప్పేస్తుంది కాబట్టి కుడి ఎడమల విషయంలో పొరబడే వీలుంది. అందుకని పట్టీ మధ్య నుంచి రెండు వైపులా 37 మిల్లీమీటర్ల దగ్గర గుర్తు పెట్టుకున్నాం. ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్క నుంచి, అద్దానికి దాదాపు ఆనించి వేశాం. ఒకవైపు గుర్తు దగ్గర చిన్న మెరుపు కనిపించింది. వేలికొనతో నిమిరితే గరుకు తగిలింది. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు.

తుడవడంలో తొందర పనికిరాదు. ముందు యంత్రం ఆపి ప్లగ్గు తీశాం. కుర్రాడి చేయి అలవాటుగా శానిటైజర్ సీసా మీదికి వెళ్లింది, వద్దన్నాను. జెల్ శానిటైజర్‌లో చిక్కదనానికి కలిపినవి అద్దం మీద పొరలా మిగులుతాయి, ఆ పొర మళ్లీ దుమ్మును పిలుస్తుంది. థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తీసే ద్రవం అసలే కూడదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నూ అద్దం మీది పూతనూ తింటాయి. టిష్యూ కాగితం కూడా వద్దు, నూగు వదులుతుంది. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఉత్తమం. మామూలు దుమ్మయితే పొడి గుడ్డతోనే పోతుంది, పోకపోతే ఆ గుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి తుడవాలి. గమ్, వైట్‌నర్, ఆరని స్టాంపు సిరా లాంటివి నీటికి లొంగవు. వాటికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు మూడు చుక్కలు గుడ్డ మీద వేసుకోవాలి. గుడ్డ మీదే, అద్దం మీద కాదు. అద్దం మీద పోస్తే అంచుల సందుల్లోంచి లోపలికి దిగి, దిగువన ఉన్న దీపం, అద్దాల మీద మరకలు కడుతుంది. అప్పుడు బయటి నుంచి తుడిచేందుకు దారి ఉండదు.

తడి గుడ్డను ఆ నలుసు మీద ఒక నిమిషం అలాగే ఆనించి ఉంచాం. గమ్ మెత్తబడ్డాక గోటితో నెమ్మదిగా తోశాం, ఊడి వచ్చింది. పాత ఏటీఎం కార్డు అంచు కూడా పనికొస్తుంది. బ్లేడు మాత్రం ముట్టకూడదు. నలుసుతో పడిన గీత తుడిస్తే పోతుంది, బ్లేడు గీటుతో పడిన గీత పట్టీ మార్చేదాకా పోదు. చివరగా పట్టీ పొడవునా ఒకే దిశలో పొడి గుడ్డతో తుడిచి, దాని ఎదురుగా మూత వైపున్న తెల్లటి భాగాన్ని కూడా తుడిచాం. కాగితాన్ని పట్టీకి అదిమి ఉంచేది అదే, గమ్ దానికీ అంటుకునే అవకాశం ఉంది.

తర్వాత తెల్ల కాగితం ఒకటి ఫీడర్‌లో పెట్టి స్కాన్ చేశాం. నలుపు-తెలుపులో కాదు, గ్రే పద్ధతిలో. గ్రేలో పలచటి గీత కూడా దాక్కోలేదు. పేజీ శుభ్రంగా వచ్చింది.

తుడిచినా పోకపోతే

అన్ని గీతలూ ఇంత తేలిగ్గా లొంగవు. జిరాక్స్ యంత్రం గీతకు రెండు పుట్టిళ్లు. ఒకటి కాగితాన్ని చదివే పైభాగం, రెండోది కాగితం మీద అచ్చు వేసే కింది భాగం. ఏ ఇంటి గీతో తేల్చడానికి మూడు కాగితాలు చాలు. ఒకటి పెద్ద అద్దం మీద పెట్టి కాపీ తీయండి, రెండోది ఫీడర్‌తో తీయండి, మూడోది కంప్యూటర్ నుంచి నేరుగా ప్రింటు ఇవ్వండి. ఫీడర్ కాపీలో మాత్రమే గీత ఉంటే పట్టీదే తప్పు. మూడింటిలోనూ ఉంటే చదవడంలో దోషం లేదు, డ్రమ్ మీద గీటో, డ్రమ్‌ను తుడిచే బ్లేడు అరగడమో, కింది భాగంలోనే మరో లోపమో అయి ఉంటుంది. ప్రింటు బాగుండి, రెండు కాపీల్లోనూ ఒకే చోట గీత ఉంటే మురికి యంత్రం లోపల, చూపు నడిచే దారిలోనే చేరింది. అది సర్వీసు మెకానిక్ చేతి పని, మనం మూత విప్పకూడదు.

రెండు ముఖాలూ ఒకేసారి చదివే కొత్త యంత్రాల్లో మరో మెలిక ఉంది. కాగితం వెనక వైపును చదివే రెండో కన్ను ఫీడర్ మూతలోనే ఉంటుంది, దానికీ సొంత పట్టీ అద్దం ఉంటుంది. 2, 4, 6 అంటూ సరి పేజీల్లోనే గీత పడుతుంటే కిందిది ఎంత తుడిచినా లాభం లేదు. ఫీడర్ తెరిచి పై పట్టీని వెతకాలి.

రంగుల స్కాన్‌లో గీత నల్లగా కాక గులాబీగానో పసుపుగానో రావచ్చు. చాలా యంత్రాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చూసే కళ్లు మూడు వరసల్లో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నలుసు మరీ చిన్నదై ఒక్క వరసకే అడ్డు వస్తే, ఆ రంగు తగ్గి మిగతా రెండు రంగుల కలయిక గీతగా పడుతుంది. చికిత్స మాత్రం అదే, తుడవడమే. ఫొటోల్లో, ముదురు భాగాల్లో తెల్లటి గీత కనిపిస్తే దారి వేరు. చదివే ముందు యంత్రం లోపలున్న ఒక తెల్లటి పట్టీని చూసి, తన కళ్లన్నీ ఒకే వెలుగు చూస్తున్నాయో లేదో సరిచూసుకుంటుంది. ఆ పట్టీ మీద దుమ్ము ఉంటే, ఆ కన్ను తనకు చూపు మందగించిందనుకుని వెలుగు పెంచుకుంటుంది. ఇక పేజీ పొడవునా అక్కడ తెల్లబోతుంది.

తుడిచాక గీత రవ్వంత జరిగినా, పలచబడినా అది మురికే, ఇంకా మిగిలి ఉంది. నాలుగుసార్లు తుడిచినా వెంట్రుకవాసి కదలకుండా, అదే నలుపుతో అదే చోట ఉంటే అది గీటు. పిన్ను తీయకుండా ఫీడర్‌లో వేసిన కాగితాలు సాధారణంగా చేసే పని ఇది. కొన్ని యంత్రాల్లో చూపు నిలిచే చోటును మెకానిక్ సర్వీసు మెనూలోంచి కొద్దిగా పక్కకు జరిపి, గీటును తప్పించగలడు. కుదరకపోతే పట్టీ మార్చాలి. మొత్తం యంత్రంతో పోలిస్తే అది చిన్న భాగం, దాన్ని మార్చడానికి వెనకాడి ఏళ్ల తరబడి గీతల కాపీలు జనానికి ఇచ్చే షాపులు చూశాను. అది న్యాయం కాదు.

గీతను కంప్యూటర్లో చెరిపేస్తే పోలేదా అని కొందరు అంటారు. యంత్రాల్లోనే గీతలు తొలగించే సెట్టింగు కూడా వస్తోంది. పెళ్లి శుభలేఖకైతే అభ్యంతరం లేదు. దస్తావేజుకు మాత్రం వద్దే వద్దంటాను. నలుసు అడ్డుపడిన చోట కాగితం మీద ఏముందో యంత్రం అసలు చూడనే లేదు. సాఫ్ట్‌వేర్ అటూ ఇటూ ఉన్న చుక్కలను బట్టి ఊహించి పూడుస్తుంది. పట్టికలోని అసలైన సన్నగీతను కూడా మురికిగీత అనుకుని తుడిచేయవచ్చు. అసలు కాగితం చేతిలో ఉండగా ఊహతో పనేమిటి? మళ్లీ స్కాన్ చేయడమే మార్గం.

మేమూ అదే చేశాం. 22వ పేజీని పెద్ద అద్దం మీద పెట్టి తీశాం, గమ్ ఉన్న కాగితం ఇక ఫీడర్ ముఖం చూడకూడదు. అలాగే పాత స్టాంపు కాగితాలు, చిరుగులున్నవి, వైట్‌నర్ పూసినవి, రెవెన్యూ స్టాంపు లేచి ఉన్నవి వేరు చేసి పెద్ద అద్దం మీదే తీశాం. మిగిలినవి ఫీడర్‌లో వెళ్లాయి. 41వ పేజీ తెరిచి చూస్తే 3 తన నోళ్లు తెరుచుకుని 3 లాగే ఉంది. కొత్త ఫైలు పంపిన మర్నాడు బ్యాంకు ఆవిడ ఫోన్ చేసి, లెక్క సరిపోయిందన్నారు.

ఈసారి మీరు కాగితాల కట్ట ఫీడర్‌లో పెట్టించినప్పుడు, డబ్బులిచ్చి కదిలే ముందు చివరి పేజీ తెరవమని అడగండి. నలుసు మధ్యలో ఎక్కడ అంటుకున్నా, గీత సాధారణంగా చివరి దాకా వెంట వస్తుంది. అక్కడ కనిపిస్తే వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, మొదలైన పేజీ నుంచి మళ్లీ తీయించుకోండి. చివరి పేజీ శుభ్రంగా ఉన్నా, నలుసు దారిలో రాలిపోయి ఉండవచ్చు. అందుకని అంకెలున్న పేజీలను అసలు కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే పంపండి.